డబ్బా వెనక సన్నక్షరాలు

గౌరీదేవి అక్కకు చదువు రాదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. బడికి పోలేదు, నిజమే. తెలుగులో సంతకం ఒక్కటే వచ్చు. కానీ భిలాయి పెద్దాసుపత్రిలో మగవాళ్ల వార్డులో పంతొమ్మిదేళ్లు ఆయాగా చేసిన మనిషి, స్టోర్ రూములో వంద సీసాల మధ్య నుంచి సిస్టరు అడిగిన సీసాను తడుముకోకుండా పట్టుకొస్తుంది. ఆ ఇంగ్లీషు పేర్లను ఆవిడ అక్షరాలుగా చదవదు, మొహాలుగా గుర్తుపడుతుంది. "మూడో కాడ ఇంటూ గుర్తున్నాది డెక్స్‌ట్రోసు, పొట్టిగా రెండే అచ్చరాలున్నాది ఉప్పునీళ్లు" అని ఒకసారి నాకు చెప్పింది. నేను మెట్రిక్ పాసయ్యాను. ఆ సీసాలు నా చేతికిస్తే వార్డులో సగం మంది ఆ రోజే పోతారు.

నా పేరు బంగారయ్య. మాది బొబ్బిలి దగ్గర పల్లె. భిలాయి ఉక్కు ప్లాంటులో ఉద్యోగం దొరుకుతుందని వచ్చి, దొరక్క, ఊళ్లోనే సుపేలా మెయిన్ రోడ్డు మీద ఫోటో స్టూడియో పెట్టుకున్నాను. ప్లాంటు గేటు పాసుల మీద బిగుసుకుపోయి కనిపించే మొహాల్లో చాలావాటిని నవ్వొద్దని గదమాయించింది నేనే. గౌరీదేవి అక్క మా ఊరి పక్క ఊరిది. రక్తసంబంధం ఏమీ లేదు. పరాయి ఊళ్లో పక్క ఊరివాళ్లు తోబుట్టువులకన్నా ఎక్కువ. అందుకని ఆవిడ నాకు అక్క, ఆవిడ భర్త సత్యారావు నాకు బావ.

సత్యారావు బావ ప్లాంటులో ఉక్కు కరిగించే షెడ్డులో, అక్కడివాళ్లు షాపు అంటారు, పై క్రేను నడిపేవాడు. కుతకుత ఉడికే ఉక్కును ఇంత పెద్ద గంగాళంతో ఎత్తి, కింద మనుషులు తిరుగుతుండగా, చుక్క తొణక్కుండా అవతలికి చేర్చాలి. ఇరవై రెండేళ్లు ఆ పని చేశాడు. మామూలుగా నోరు మెదపని మనిషి, క్రేను మాటెత్తితే మాత్రం భుజాలు వెడల్పయ్యేవి. మా వాళ్లలో పెళ్లికి పోయినా "క్రేను సత్యారావు" అనే పిలుపు. ఇంటిపేరు మరిచిపోయారు జనం.

తొంభై నాలుగులో, చలికాలం మెడికల్ పరీక్షలో, బావకు షుగరని తేలింది. పరగడుపున నూట అరవై ఎనిమిది. డాక్టరు మాత్రలిచ్చి, తీపి మానమన్నాడు. అక్క ఇంటికెళ్లిన వెంటనే పంచదార డబ్బాను బీరువాలో చీరల కింద పెట్టి తాళం వేసి, తాళంచెవి మెడలో తాడుకు కట్టుకుంది. అన్నం సగానికి కోసి రొట్టెలు పెట్టింది. టీలో తీపి లేదు, పండక్కి అరిసె లేదు. నెల తిరిగేసరికి బావ బుగ్గలు లోపలికి పోయాయి. క్రేను నిచ్చెన ఎక్కితే ఆయాసం వస్తోందన్నాడు.

అక్కకు భయం వేసింది. అదిగో, అప్పుడు తెచ్చింది ఆ డబ్బా.

తేజోమాల్ట్ అని ఓ బలం పొడి. బంగారు రంగు మూత, చాక్లెట్టు రంగు ఒళ్లు, ముందువైపు ఇంత లావు హిందీ అక్షరాల్లో "చక్కెర కలపలేదు" అని రాసి ఉంది, కొట్టువాడు చదివి చెప్పాడు. అక్క అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. డబ్బాను వెనక్కి తిప్పి, కళ్లజోడు పెట్టుకుని, ఆవగింజల్లాంటి ఆ సన్నక్షరాల మధ్య వెతికింది. అక్షరాలు అలుక్కుపోయి ఉన్నా, మూడో చోట ఇంటూ గుర్తున్న తెలిసిన మొహం ఒకటి కనిపించింది. డెక్స్‌ట్రోసు. ఆసుపత్రిలో సొమ్మసిల్లిన మనిషికి ఎక్కించేది. వేసవిలో ప్లాంటు వాళ్లు కొలిమి దగ్గర పనిచేసేవాళ్లకు నీళ్లలో కలిపిచ్చే గ్లూకోజుకు తోబుట్టువు. బలమంటే అదే కదా. మా టౌన్‌షిప్‌లో గ్లూకోజును తీపి అని ఎవరూ అనరు, మందు అంటారు. అక్క డబ్బాను గుండెకు హత్తుకుని ఇంటికి తెచ్చింది.

పొద్దున షిఫ్టుకు వెళ్లేముందు మూడు చెంచాలు, సాయంత్రం మూడు చెంచాలు, వేడి పాలల్లో. తన చేత్తో కలిపి, తాగేదాకా ఎదురుగా నిలబడేది.

ఇంట్లో ఇంకో పూజ కూడా ఉండేది. ఆసుపత్రి లాబ్‌వాళ్లను అడిగి తెచ్చుకున్న నీలం ద్రావణం, ఓ గాజు గొట్టం, స్పిరిటు దీపం. రెండు మూడు రోజులకోసారి పెరట్లో కూర్చుని, ద్రావణంలో బావ మూత్రం ఎనిమిది చుక్కలు వేసి కాచేది. నీలం నీలంగానే ఉంటే మంచిది. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం చక్కెర పోతున్నట్టు. ఇటుక రంగు వచ్చిందంటే కొంప మునిగినట్టే. మొదట్లో ఆకుపచ్చ వచ్చేది. డబ్బా వచ్చిన నెలకు నారింజ. ఆ తర్వాత ఇటుక. మా స్టూడియోలో బొమ్మలన్నీ తెలుపు నలుపులే అయినా, ఆ ఇటుక రంగు ఏమిటో నాకూ ఒక్క చూపులో తెలిసిపోయింది.

వేసవి పరీక్షలో పరగడుపున రెండు వందల నాలుగు. డాక్టరు మాత్ర రెండింతలు చేశాడు. "ఒక నెల టైమిస్తున్నాను. దిగకపోతే క్రేను మీద ఉంచలేను, నేల మీద పనిలో వేయిస్తాను" అన్నాడు. అది తప్పు కాదు. పైనున్నవాడికి కళ్లు తిరిగితే కింద ఎంతమంది! కానీ బావ ఆ మాట విని ఇంటికొచ్చి, చొక్కా విప్పకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాడని అక్క చెప్పింది.

ఇక అక్కకు ఒకటే అనుమానం. ఇంట్లో తాళం ఉంది, బయట లేదు. బయట ఎక్కడో తింటున్నాడు.

ఇక్కడే నా పాపం మొదలవుతుంది. మా స్టూడియోకు ఎదురుగా మిఠాయి దుకాణం ఉంది. సాయంత్రమైతే పెద్ద మూకుట్లో జిలేబీలు తిరుగుతుంటాయి. అక్క వచ్చి అంది: "తమ్ముడూ, నువ్వు ఎదురుగా కూసుంటావు కదా, మీ బావ మీద ఓ కన్నేసి ఉంచు. నాకు సెప్పు, అంతే."

పని లేని మంగలి పిల్లి తల గొరిగాడని సామెత. నాకు పని ఉండి కూడా ఆ పని చేశాను. అయిదో రోజు బావ సైకిలు దిగి ఆ దుకాణం ముందు నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని, మూకుడు వైపు చూస్తూ, చాలాసేపు. ఈలోగా నా దగ్గరకు ఓ పెళ్లి పార్టీ వచ్చింది. నేను తల తిప్పి మళ్లీ చూసేసరికి బావ లేడు. తిన్నాడో లేదో నేను చూడలేదు. అక్కతో మాత్రం, "జిలేబీ కొట్టు కాడ ఉన్నాడక్కా" అని చెప్పేశాను.

ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగిందో అక్క మర్నాడు చెప్పింది. "పైడితల్లి మీద ఒట్టేసినాడు తినలేదని. నాను నమ్మలేదు. తిన్నావు గానీ సెప్పుకోలేకపోతన్నావు అన్నాను. మరి మాటాడలేదు. ఇయాల పాలు కూడా ముట్టకుండా ఎల్లిపోతంటే, ఎనకాల పరిగెట్టి తాగించినాను."

బావ మా స్టూడియో ముందు నుంచి సైకిలు మీద పోతూ నన్ను చూసి తల తిప్పుకున్నాడు. చేసిన పని ఎంత వెధవ పనో అప్పుడు తెలిసింది.

డాక్టరు ఇచ్చిన నెలలో పది రోజులు గడిచిపోయాయి. అక్క పని చేసే ఆసుపత్రిలో చాందిని అని కొత్తగా డైటీషియన్ అమ్మాయి చేరింది. రోగులకు ఏం వండాలో, ఎంత పెట్టాలో చూసే పని. ఇక్కడి మన తెలుగువాళ్లలో పెద్దమనిషి వెంకటరత్నం గారి మనవరాలే, కానీ ఇక్కడే పుట్టింది కాబట్టి తెలుగు కన్నా హిందీ ముందొస్తుంది. అక్క ఆ అమ్మాయిని ఆపి గోడు చెప్పుకుంది. చాందిని అందరిలా "బయట ఏం తింటున్నారు" అని అడగలేదు. "ఇంట్లో ఏం ఇస్తున్నారు ఆంటీ? పొద్దున్నించి ఒక్కొక్కటీ బతాయియే, చెప్పండి" అంది. రొట్టె, పప్పు, కూర, మజ్జిగ చెప్పి, చివర్న అక్క డబ్బా సంగతి చెప్పింది.

"తియ్యగా ఉంటుందా?"

"ఉంటాది. పాల తీపి కదమ్మా. సక్కెర కలపలేదని రాసున్నాది."

"ఒకసారి డబ్బా చూపించండి."

మర్నాడు చూపించింది. చాందిని డబ్బాను కిటికీ దగ్గరకు పట్టుకెళ్లి, అటు తిప్పి ఇటు తిప్పి, భూతద్దం పెట్టి కూడా చూసింది. చాక్లెట్టు రంగు మీద బంగారు రంగు అక్షరాలు. ముద్ర సన్నగా, ఒకదాని మీద ఒకటి అలుక్కుపోయి, పైగా దీపం పడితే మెరుపు. ముందువైపు అక్షరం మాత్రం మైలు దూరానికి కనిపిస్తుంది. "ఏమేం వేశారో తెలియకుండా నేను ఏమీ చెప్పలేను ఆంటీ. ఇది చదివిపెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అంది.

అక్క ఆ డబ్బాను చేతిసంచిలో వేసుకుని తిన్నగా నా దగ్గరకు వచ్చింది.

ఇప్పుడు కొంచెం నా గొప్ప చెప్పుకోనివ్వండి. పోయినవాళ్ల పాత ఫోటోలు, చిరిగిన సర్టిఫికెట్లు, చెదలు తిన్న జాతకాలు, వీటికి కాపీ తియ్యడంలో సుపేలాలో నన్ను మించినవాడు లేడు. కెమెరాను స్టాండుకు తలకిందులుగా బిగించి, దగ్గర వస్తువుకు వేసే అదనపు కటకం తొడిగాను. డబ్బా గుండ్రం కాబట్టి మధ్యలో నాలుగు వేళ్ల మేర తప్ప మిగతాది మసకబారుతుంది. అందుకని కొంచెం కొంచెం తిప్పుతూ మూడు ముక్కలుగా తీశాను. దీపాన్ని ఎదురుగా కాకుండా పక్క నుంచి, బాగా వాల్చి పెట్టాను. అప్పుడు బంగారు అక్షరం మెరిసి, చాక్లెట్టు రంగు చీకట్లోకి పోతుంది. ఫిల్ము కడిగి ఆరబెట్టాక, మధ్యాహ్నం కొట్టు తలుపు దగ్గరగా వేసి, అక్కను డార్క్ రూములోకి పిలిచాను. చూడాలని ఆవిడే అడిగింది.

ఎర్ర దీపం కింద, నీళ్లలా కనిపించే మందులో తెల్ల కాగితం మునిగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత కాగితం నల్లబడుతూ, నలుపులోంచి తెల్లగా అక్షరాలు తేలాయి. ఒక్కో అక్షరం చిటికెన వేలి గోరంత.

"అదిగో, డెక్స్‌ట్రోసు. నాను సెప్పలేదేటి?" అంది అక్క, చుట్టాన్ని చూసినట్టు.

నేను మిగతాది చదివాను. మొదట పాల పొడి. తర్వాత డెక్స్‌ట్రోస్. తర్వాత మాల్టోస్. తర్వాత గ్లూకోజ్ సిరప్ సాలిడ్స్. ఆ తర్వాత కోకో, ఖనిజాలు, విటమిన్లు. "సిరప్ అంటే దగ్గు మందు కదక్కా. ఎక్కించే మందూ ఉంది, తాగే మందూ ఉంది. ఇది డబ్బా కాదు, మందుల షాపు" అన్నాను. నా తెలివి అంతే మరి.

అక్క నవ్వలేదు. కాగితం వైపే చూస్తోంది.

"తమ్ముడూ, పదునాలుగో నంబరు బెడ్డు" అంది.

"ఏ బెడ్డక్కా?"

"నాను కొత్తగా సేరినప్పుడు. పదునాలుగులో ఒక ముసలాయన ఉండేవోడు. ఉప్పునీళ్లు తెమ్మంటే నాను ఇది తెచ్చీసినాను. సిస్టరు ఎక్కించబోయి, సీసా సూసి ఆగిపోయినాది. షుగరు పేషెంటుకి డెక్స్‌ట్రోసు తెచ్చేవేటి, సంపేస్తావా అన్నాది. మూడు రోజులు ఏడిసినాను. మరింక పంతొమ్మిదేళ్లలో తప్పు సీసా తేలేదు." ఆగింది. "షుగరున్నోడికి ఇది తేకూడదని నాకు తెల్సు. వార్డులో తెల్సు. ఇంటికాడ తెల్లేదు."

కాగితం తీసి, బొమ్మను అక్కడితో నిలిపే హైపో మందులో వెయ్యాలన్న సంగతి మరిచిపోయాను. మొదటి ప్రింటు నల్లగా మాడిపోయింది. మళ్లీ వేశాను.

ఆరాక మూడు ముక్కలూ అట్టకు అంటించి, ఇద్దరం సైకిలు మీద ఆసుపత్రికి పోయాం. చాందిని తన గదిలో టిఫిను తింటోంది. తింటున్న చెయ్యి కడుక్కోకుండానే, ఎడం చేత్తో ఎర్ర పెన్సిలు తీసి మూడు పేర్ల కింద గీతలు గీసింది.

"యే తీనోం శక్కర్ హీ హై ఆంటీ. మూడూ చక్కెరలే. డెక్స్‌ట్రోస్ అంటే గ్లూకోజే, తాగగానే రక్తంలోకి పోతుంది. మాల్టోస్ అంటే రెండు గ్లూకోజులు చెయ్యి పట్టుకుని ఉంటాయి, కడుపులోకి పోగానే విడిపోతాయి. ఈ మూడోది, పిండిని పాకంగా మార్చి, ఆ పాకాన్ని ఆరబెట్టి పొడి చేస్తారు."

"మరి సక్కెర కలపలేదని రాసినారు కదమ్మా" అంది అక్క.

"చక్కెర అంటే వాళ్ల లెక్కలో మనం టీలో వేసుకునే పంచదార ఒక్కటే. అది కలపలేదు. ఇంకోటి చూడండి. ఏది ఎక్కువ వేస్తే దాని పేరు ముందు రాయాలి, అది రూలు. ఇక్కడ పాలు ముందున్నాయి. కానీ చక్కెరను మూడు పేర్లుగా విడగొట్టారు కదా, అందుకని ఒక్కొక్కటీ పాల కన్నా తక్కువ. మూడూ కలిపితే పాలను దాటిపోవచ్చు. ఎంతని ఇందులో రాయలేదు."

నాకు కోపం వచ్చింది. ఒకే దొంగ మూడు చొక్కాలు మార్చుకుని మూడుసార్లు ఇంట్లోకొస్తే, మనం ముగ్గురు చుట్టాలనుకుని పీటలు వేశాం.

చాందిని ఇంకో మాట కూడా చెప్పింది. "డబ్బా ఈ రోజే ఆపేయండి. కానీ ముందు డాక్టరు గారికి ఇది చూపించండి. ఈ డబ్బా వల్లే ఆయన మాత్రలు పెంచి ఉంటారు. చక్కెర ఒక్కసారి ఆగి, మాత్ర అంతే ఉంటే, షుగరు మరీ పడిపోయి కళ్లు తిరగొచ్చు." డాక్టరు అట్ట చూసి, కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుని, మాత్రను తగ్గించి రాశాడు. వారానికోసారి రక్తం చూపించమన్నాడు.

ఇక మిగిలింది బావ. అక్క ఒక్కతే వెళ్లనంది. "నువ్వు కూడా సాడీ సెప్పినావు కదా, రా" అంది. అందులో న్యాయం ఉంది.

బావ పెరట్లో సైకిలు గొలుసుకు నూనె వేస్తున్నాడు. అక్క అట్ట తీసి ఆయన ముందు నేల మీద పెట్టింది. ఎర్ర గీతలు ఒక్కొక్కటీ వేలుతో చూపించి, చాందిని చెప్పింది చెప్పినట్టే ఒప్పజెప్పింది.

"నువ్వేటీ తిన్లేదు. నానే పెట్టినాను. పొద్దున మూడు, సాయంత్రం మూడు, నా సేత్తోనే. పైడితల్లి మీద ఒట్టేసినా నమ్మలేదు నిన్ను."

నేను కూడా చెప్పాను. "జిలేబీ కొట్టు కాడ నువ్వు తిన్నావో నేదో నాను సూడలేదు బావా. సూసినట్టు సెప్పినాను."

బావ చేతిలో నూనె గుడ్డ పక్కన పెట్టాడు. "వాసన సూసినాను" అన్నాడు నాతో. "వాసనకి షుగరు రాదు కదా."

ఆ తర్వాత అక్క వైపు తిరిగాడు. ఆయన అన్ని మాటలు వరసగా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

"అది తియ్యగా ఉన్నాదని నాకు మొదటి రోజే తెల్సు. పాల తీపి కాదది. నానేటి, పాలు తాగనోడినా? కానీ నువ్వు బీరువాకి తాళం ఏసీసి, మెడలో కట్టుకుని తిరుగుతన్నావు. అలాటి మనిసి పొద్దు పొద్దున్నే ఎదర నిలబడి తియ్యటిది ఇస్తంటే, ఇదేటని అడిగితే అది కూడా తీసేస్తావేమోనని అడగలేదు."

అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వుతోంది. ఏడుస్తోంది కూడా.

డబ్బాలో మిగిలిన పొడిని అక్క పెరట్లో జామచెట్టు మొదట్లో పోసింది. చీమలు పట్టాయి. "సూసినావా, సీవలకి సదువొచ్చు" అంది.

మొదటి వారం గొట్టంలో నారింజ రంగు. రెండో వారం పసుపు. బావ కూడా పక్కన గొంతుక్కూచుని చూసేవాడు. మూడో వారం ఆకుపచ్చ. పరీక్ష ముందు రోజు, మొదటిసారి, నీలం నీలంగానే నిలిచింది. నేను అక్కడే ఉన్నాను. అక్క గొట్టాన్ని ఎండకు ఎత్తి పట్టుకుంది. రంగుల ఫిల్ము లేనందుకు ఆ రోజు ఒక్కరోజు బాధపడ్డాను.

మర్నాడు పరగడుపున నూట ముప్పై రెండు. డాక్టరు క్రేను మీద ఉండనిచ్చాడు, మూడు నెలలకోసారి చూపించుకోవాలన్న షరతుతో. బావ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని షిఫ్టుకు పోయాడు. పోతూ పోతూ మా స్టూడియో ముందు సైకిలు దిగి, "గేటు పాసుకి కొత్త ఫోటో కావాలి, పాతదాన్లో బుగ్గలెక్కువున్నాయి" అన్నాడు. మాట్లాడ్డం మొదలుపెట్టాడు కదా, అదే చాలనుకున్నాను.

ఎర్ర గీతల అట్టకు ఇంకో కాపీ తీసి, స్టూడియోలో పెళ్లికూతుళ్ల ఫోటోల పక్కన తగిలించాను. నాలుగైదు నెలల్లోనే జనం డబ్బాలు పట్టుకుని రావడం మొదలైంది. బిస్కెట్ల పొట్లాలు, పిల్లల పాల పిండి, పొడులు. నేను ఫోటో తీస్తాను, తెలిసినంత చదువుతాను. తెలియనిది చాందిని దగ్గరకు పంపిస్తాను. ఆదివారాలు డ్యూటీ లేకపోతే అక్క కూడా వచ్చి బెంచీ మీద కూర్చుంటుంది. ఆవిడ ఇప్పుడు ఇంకో రెండు మొహాలు నేర్చుకుంది, మాల్టోసు, సిరప్ సాలిడ్స్.

మొన్న స్మృతి నగర్ నుంచి ఓ ఆడమనిషి ఇలాంటి డబ్బానే తెచ్చి, భర్త దొంగచాటుగా తింటున్నాడని కళ్లనీళ్లు పెట్టుకుంది. అక్క ఆవిడ చేతిలోంచి డబ్బా తీసుకుని వెనక్కి తిప్పింది.

"ముందు ఇది సదివించుకో, అమ్మా" అంది. "ఆయన్ని తర్వాత తిట్టుకోవచ్చు."